పావు తక్కువ ఐదు

మా తమ్ముడి కూతురు మూడో తరగతి చదువుతోంది. ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్తే హోంవర్క్ పుస్తకం పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది. పేజీలో నాలుగు గడియారం బొమ్మలు, ఒక్కో బొమ్మ కింద ఒక ఇంగ్లీషు మాట, దాని కింద ఖాళీ గీత. ఆ గీత మీద అదే మాట తెలుగులో రాయాలి. మొదటి బొమ్మ కింద ‘హాఫ్ పాస్ట్ ఫోర్’ అని ఉంది. పాప పెన్సిల్‌తో గుండ్రంగా ‘సగం దాటిన నాలుగు’ అని రాసింది. చివరి బొమ్మ ‘క్వార్టర్ టు ఫైవ్’. దాని కింద ‘ఐదుకి పావు’ అని రాసి, సరేనా అన్నట్టు నా మొహంలోకి చూసింది.

“చిన్నీ, మీ నాన్న ఆఫీసు నుంచి ఎన్నింటికొస్తాడు?” అని అడిగాను.

“ఆరున్నరకి అత్తా.”

“మరి ఈ గడియారంలో ఎంతయింది?”

బొమ్మ వంక చూసింది. “నాలుగున్నర!” అని, వెంటనే రబ్బరు తీసుకుంది.

ఆ పిల్లకి తెలుగు వచ్చు. ఆరున్నర అనడానికి క్షణం కూడా ఆలోచించలేదు. ఇంగ్లీషు మాట ఎదురుగా కనపడేసరికి ఒక్కో ముక్కకీ తెలుగు వెతకడం మొదలుపెట్టింది. హాఫ్ అంటే సగం, పాస్ట్ అంటే దాటడం, ఫోర్ అంటే నాలుగు. మూడూ సరైన అర్థాలే, కలిపితే మాత్రం ఏ తెలుగువాడూ అనని మాట. చాలా ఏళ్లుగా ఇంగ్లీషు కథలు తెలుగు చేస్తున్నదాన్ని నేను. పెద్దపెద్ద వర్ణనల దగ్గర పడే జాగ్రత్త ఈ గడియారం మాటల దగ్గర పడను, అక్కడే దొరికిపోతుంటాను. అందుకే ఆ సాయంత్రం పాప పుస్తకం మీద కాస్త ఎక్కువసేపే కూర్చున్నాం.

గడియారం చెప్పడంలో తెలుగుకి ఒక పద్ధతుంది. అది అర్థం కావాలంటే ‘గంట’ దగ్గర మొదలుపెట్టాలి. గుడిలో మోగేదీ గంటే, అరవై నిమిషాలూ గంటే. గడియారం మనకి ముందు చెవికి తెలిసి, తరవాత కంటికి తెలిసింది. “ఎంతయింది?” అంటే “నాలుగు గంటలు కొట్టింది” అనేవాళ్లు పెద్దవాళ్లు. నాలుగు గంటలయింది అంటే నాలుగుసార్లు గంట మోగిందనే. అందుకే మనకి నాలుగు గంటలకి రావడమూ, నాలుగు గంటలు కూర్చోవడమూ ఒకే మాటతో నడుస్తాయి. వెనకొచ్చే ‘కి’ని బట్టి, ‘సేపు’ని బట్టి ఏది ఏదో తెలుస్తుంది.

ఒకటి దగ్గర మాత్రం భాష జాగ్రత్త పడింది. గడియారంలో ఒకటైతే ‘ఒంటిగంట’. అరవై నిమిషాల వ్యవధైతే ‘గంట’, లేదా ‘ఒక గంట’. ఒంటిగంటకి రమ్మంటే మధ్యాహ్నం భోజనాల వేళకి రమ్మని, గంటలో రమ్మంటే ఇప్పటినుంచి అరవై నిమిషాల్లోపు రమ్మని. ఒంటరిగా మోగిన గంట కాబట్టి ఒంటిగంట. ఈ తేడా ‘హాఫ్ పాస్ట్ వన్’ దగ్గరికొచ్చేసరికి బాగా పనికొస్తుంది. అది ఒకటిన్నర, లేకపోతే ఒంటిగంటన్నర. ‘గంటన్నర’ అన్నామా, అది తొంభై నిమిషాల వ్యవధి అయిపోతుంది. ఒకసారి ఒక ఆస్పత్రిలో రిపోర్టు కోసం వెళ్తే, కౌంటరు దగ్గరున్న అబ్బాయి చేతిలోని ఇంగ్లీషు కాగితం చూసి “గంటన్నరకి రండమ్మా” అన్నాడు. అప్పుడు పన్నెండు దాటింది. ఇంకా గంటన్నర కదా అని నేను బజారుకెళ్లి ఒకటీ నలభైకి తిరిగొచ్చాను. కౌంటరు మూసేశారు. ఆ అబ్బాయి చెప్పాలనుకున్నది ఒకటిన్నర, అప్పటికల్లా వాళ్లు భోజనానికి లేస్తారు. రిపోర్టు మర్నాడు చేతికొచ్చింది.

గంటకీ ఒంటిగంటకీ ఉన్న ఈ చుట్టరికం నాకు మా అమ్మమ్మ వాళ్లింట్లో తెలిసింది. హాల్లో నిలువుపాటి గోడగడియారం ఉండేది, కింద ఇత్తడి లోలకం. తాతయ్య ప్రతి ఆదివారం స్టూలెక్కి తాళంచెవితో కీ ఇచ్చేవాడు. అది గంటగంటకీ అన్నేసి గంటలు కొట్టేది, అరగంట దగ్గర ఒకే ఒక్కటి కొట్టేది. పగలు ఇబ్బంది లేదు. రాత్రి నిద్రపట్టని వేళ పన్నెండున్నరకి ఒకటి, ఒంటిగంటకి ఒకటి, ఒకటిన్నరకి ఒకటి మోగేది. చీకట్లో ఉన్నట్టుండి మెలకువొచ్చి టంగుమని ఒక్క దెబ్బ వింటే అది ఏదో చెప్పలేం. “అమ్మమ్మా, ఎంతయింది?” అంటే, “ఉండు, మళ్లీ కొట్టనీ” అనేది. మళ్లీ ఒక్కటే కొడితే, “ఇంకా పడుకో, ఎంతయిందో రెండు కొట్టాక చెప్తా” అని దుప్పటి మీదికి లాగేది. అరగంటకి సొంతంగా ఒక మోతంటూ లేకపోవడం నాకు ఆ వయసులో అన్యాయంగా తోచేది. మోతకి లేకపోయినా అర అన్న మాటకి తెలుగులో మంచి చోటే ఉందని తరవాత్తరవాత తెలిసింది.

ఇంగ్లీషువాడు హాఫ్ పాస్ట్ ఫోర్ అన్నప్పుడు నాలుగుని ఒక గుర్తు రాయి చేసుకుని, దాన్ని దాటి ఎంత దూరం వచ్చామో చెప్తున్నాడు. మనం నాలుగున్నర అన్నప్పుడు దాటడం లేదు, కలుపుతున్నాం. నాలుగూ, ఒక అరా. శేరున్నర బియ్యం, గజమున్నర గుడ్డ, రెండున్నర రూపాయలు ఎలాగో నాలుగున్నర గంటలూ అలాగే. కొలతలన్నిటికీ ఒకటే లెక్క, గడియారానికి వేరే లెక్క పెట్టుకోలేదు. ఈ కలపడం వాడే మాట ‘అర’. పాప రాసిన ‘సగం’ ఇక్కడ పనికిరాదు. సగం అంటే మన ముందున్న ఒక వస్తువులో రెండో వంతు. సగం రొట్టె తిన్నాడు, సగం దారిలో ఆగాడు అంటాం. కొలతకి ముందు వచ్చేది అర. అరకిలో, అరగంట. సగంగంట అని ఎవరూ అనరు.

మరి నాలుగుకీ అరకీ మధ్య ఆ ‘న్న’ ఎక్కడిది? నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. పాత తెలుగులో రెండు మాటలు కలపాలంటే వెనక ‘ను’ చేర్చేవాళ్లు. రాముడును, లక్ష్మణుడును. ఈనాడు మనం అదే పని చివరి అచ్చుని సాగదీసి చేస్తున్నాం. రాముడూ, లక్ష్మణుడూ. మామూలు మాటల్లోంచి ఆ ‘ను’ ఎప్పుడో జారిపోయింది. అంకెకి అర అతుక్కునే చోట మాత్రం గట్టిగా పాతుకుని ఉండిపోయింది. నాలుగును, అర. నాలుగున్నర. కవులు కావ్యాల్లో వాడిన ఆ ‘ను’ని ఆటో అబ్బాయి “నాలుగున్నరకి స్టేషన్ కాడుంటా” అన్నప్పుడు రోజూ పలుకుతున్నాడు.

పావు దగ్గర ఇది ఇంకా స్పష్టంగా కనపడుతుంది. క్వార్టర్ పాస్ట్ ఫోర్‌ని కొందరు నాలుగుంపావు అంటారు, కొందరు నాలుగుంబావు అంటారు. రెండో మాట విన్నప్పుడు నేటి పిల్లలు “బావేంటి?” అని నవ్వుతారు. పదో తరగతి తెలుగు వ్యాకరణం గుర్తున్నవాళ్లు నవ్వక్కర్లేదు. సరళాదేశ సంధి అని ఒకటి చదివాం. ద్రుతం మీద, అంటే చివర నకారం ఉన్న మాట మీద, క చ ట త ప లు వస్తే అవి గ జ డ ద బ లు అవుతాయి. పూచెను, కలువలు కలిస్తే పూచెంగలువలు అయినట్టు. అదే సూత్రం ప్రకారం నాలుగును, పావు కలిస్తే ప కాస్తా బ అయి నాలుగుంబావు అయింది. పరీక్ష కోసం బట్టీపట్టి మర్చిపోయిన సంధి మనింట్లో గోడ మీద రోజుకి రెండుసార్లు వస్తోందన్నమాట. నాలుగుంపావు అనేవాళ్లు తప్పని నేను అనను. వాడుకలో సంధి సడలింది, సున్న మాత్రం మిగిలింది.

ఇప్పుడు నాలుగుంపావు పక్కన ‘నాలుగూ పది’ పెట్టి చూడండి. నాలుగు గంటల పది నిమిషాలని మనం అలాగే అంటాం. నాలుగూ పది, నాలుగూ ఇరవై, నాలుగూ నలభై. ఇక్కడ కలిపింది కొత్త పద్ధతి, అచ్చు సాగదీయడం. అరకీ పావుకీ పాత ‘ను’, నిమిషాలకి కొత్త దీర్ఘం. అర, పావు మనకి తూకాల్లోంచి, నాణేల్లోంచి వచ్చిన పాత చుట్టాలు. నిమిషాలు లెక్కపెట్టడం మనకి రైళ్లతో, ఆఫీసులతో వచ్చింది. ఏది ముందు వచ్చిందో మాటల అతుకులే చెప్తున్నాయి. ‘నాలుగుంపది’ అని ఎవరి నోటా రాదు.

పావు సంస్కృతంలోని పాదం నుంచి వచ్చింది. పాదం అంటే కాలు, జంతువుకి నాలుగు కాళ్లు కాబట్టి నాలుగో వంతు కూడా. పద్యానికి నాలుగు పాదాలన్నా, జాతకంలో రోహిణి రెండో పాదం అన్నా ఇదే లెక్క. రూపాయిలో పావు పావలా, మూడు పావులు ముప్పావలా. పావుగంట, ముప్పావుగంట ఆ వరసలోవే. అందుకని నాలుగూ నలభై ఐదుని ‘నాలుగూ ముప్పావు’ అనే అలవాటు ఉంది. అది కూడా కలిపే లెక్కే. మరి క్వార్టర్ టు ఫైవ్‌లా తరవాతి అంకె నుంచి వెనక్కి లెక్కపెట్టే పద్ధతి మనకి లేదా అంటే, అది ‘పావు తక్కువ ఐదు’. హిందీ, ఉర్దూ మాట్లాడేవాళ్లు ‘పౌనే పాంచ్’ అనేదీ ఇదే. హైదరాబాద్‌లో ఒకే బస్టాపు కింద నిలబడి ఒకరు పౌనే పాంచ్ అంటే, ఇంకొకరు పావు తక్కువ ఐదు అంటే, ఇద్దరూ ఐదులోంచి పావు తీసేస్తున్నారు. ఇంగ్లీషు గడియారం మాటల్లో మనకి మాటకి మాట సరిపోయేది ఇదొక్కటే. క్వార్టర్‌కి పావు, టు అన్నచోట తక్కువ, ఫైవ్‌కి ఐదు. వరస కూడా మారలేదు.

విచిత్రం ఏమిటంటే పిల్లలు ఎక్కువగా తప్పుచేసేదీ ఇక్కడే. పాప ‘ఐదుకి పావు’ అని రాసింది కదా. ‘టు’ అంటే ‘కి’ అని బళ్లో నేర్చుకుంది. స్కూల్‌కి, ఇంటికి, ఐదుకి. ఆ ‘కి’తో వాక్యం నిలబడాలంటే వెనక తక్కువ అన్న మాట ఉండాలి. అది లేకపోతే పావు కలిపామో తీసేశామో వినేవాళ్లకి తెలియదు. అదే తరగతి పిల్లల్ని గడియారం గీయమంటే, క్వార్టర్ టు ఫైవ్‌కి పెద్దముల్లు తొమ్మిది మీద సరిగ్గానే పెట్టి, చిన్నముల్లుని ఐదు దాటించి ఆరు దగ్గర పెడతారు. ఐదు అన్న మాట విన్నారు కాబట్టి ఐదు అయిపోయిందనుకుంటారు. అలా గీస్తే అది ఐదూ ముప్పావు, సరిగ్గా గంట తేడా. ఈ పొరపాటు కనిపెట్టడం తేలిక. తక్కువ అన్న మాట ఉందంటే చిన్నముల్లు ఆ అంకెకి ఇంకా చేరకూడదు. పాపకి అదే చెప్పాను. “ఐదు ఇంకా అవలేదు. ఎంత తక్కువైంది? పావు.” ఫోన్లో 4:45 అని చూసి పెరుగుతున్న పిల్లలకి గంటల చోట ఐదు కనపడదు. ముళ్ల గడియారంలోనైతే చిన్నముల్లు ఐదు పక్కనే నిలబడి ఉంటుంది. పావు తక్కువ ఐదు అన్న మాట ముల్లుని చూసి పుట్టింది, అంకెల్ని చూసేవాళ్ల నోట అది తగ్గుతోంది. నాకు అది బాధగానే ఉంది.

చివర చేర్చే ప్రత్యయాల్లోనూ ఒక తీరుంది. ఐదు గంటలకి అన్నదాన్ని ఐదింటికి అంటాం, రెండింటికి, పదింటికి అన్నట్టు. పావు తక్కువ ఐదు చివర ఐదే ఉంది కాబట్టి పావు తక్కువ ఐదింటికి. నాలుగున్నర చివర ఉన్నది అర, అందుకని నాలుగున్నరకి. నాలుగున్నరింటికి అనం. ‘బై హాఫ్ పాస్ట్ ఫోర్’ అంటే నాలుగున్నరకల్లా, ‘అరౌండ్’ అంటే నాలుగున్నర ప్రాంతంలో, ‘టిల్’ అంటే నాలుగున్నర దాకా. ఇవి పుస్తకం చూసి నేర్చుకునేవి కావు, చెవికి తెలిసినవే.

ఇంతవరకూ లెక్క. నాకు అనువాదంలో ఎక్కువ కష్టం కలిగించింది లెక్క కాదు, ఆ మాట వెంట వచ్చే మనసు. ఒకసారి ఒక కథ తెలుగు చేస్తున్నాను. ఒక ముసలావిడ రైల్వే ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని కొడుకు కోసం ఎదురుచూస్తుంటుంది. తొందరేమీ లేదు, ఊలు అల్లుకుంటోంది. అంతలో రచయిత, గడియారంలో హాఫ్ పాస్ట్ ఫోర్ అయిందని ఒక చిన్న వాక్యం రాశాడు. నేను మొదటిసారి ‘నాలుగు దాటి అరగంటయింది’ అని రాశాను. తప్పు లేని తెలుగే. మర్నాడు చదువుకుంటే ఆవిడ నాకు చిరాకుగా కనపడింది. కొడుకు నాలుగింటికి వస్తానని మాటిచ్చి రాలేదన్నట్టు, ఆవిడ మనసులో నిమిషాలు లెక్కపెట్టుకుంటున్నట్టు ఉంది. కథలో అలాంటిదేమీ లేదు. ఆ చిరాకంతా నేను పెట్టిన ‘దాటి’లోంచి వచ్చింది.

తెలుగులో గంటలు దాటాయంటే ఆలస్యం అయినట్టే. “పది దాటింది, ఇంకా పడుకోలేదా?” అంటాం. “రెండు దాటి పావుగంటయింది, అన్నం చల్లారిపోతోంది” అంటాం. ఇంగ్లీషులో ‘పాస్ట్’ ఏ బరువూ లేని మాట, రోజుకి పదిసార్లు అనుకునేది. మన దాటడం అలాంటిది కాదు, దాని వెనక ఒక గడువు ఉంటుంది. ఆ వాక్యాన్ని ‘నాలుగున్నరయింది’ అని మార్చాను. ఒక్క మాట. ముసలావిడ మళ్లీ ప్రశాంతంగా ఊలు అల్లుకోసాగింది.

ఐదుకి ఇవతలా అంతే. అదే పదిహేను నిమిషాల్ని మూడు రకాలుగా అనొచ్చు. పావు తక్కువ ఐదయింది అంటే గడియారం చూసి చెప్పాం, అంతే. ఐదవడానికి ఇంకా పావుగంట ఉంది అంటే చేతిలో సమయం ఉంది, కంగారుపడకు అని. ఐదు కావస్తోంది అంటే లే, బయల్దేరు అని. ఇంగ్లీషు కథలో తల్లి పిల్లాడితో “ఇట్స్ క్వార్టర్ టు ఫైవ్” అంటే, ఈ మూడింట్లో ఏది రాయాలో గడియారం చెప్పదు. ఆ తల్లి అప్పుడు పిల్లాడి తల దువ్వుతోందా, గుమ్మంలో చెప్పులేసుకుని నిలబడి ఉందా అని చూడాలి. ఈ ఎంపికని నేను ఇబ్బందిగా తీసుకోను. ఇంగ్లీషులో గొంతుని బట్టి తెలిసేది మనకి మాటలోనే దొరుకుతోంది.

రాత్రి పన్నెండు దాటాక ఇంకో చిక్కు మొదలవుతుంది, ఇది పెళ్లిళ్ల దాకా వెళ్తుంది. ఇంగ్లీషు లెక్కలో అర్ధరాత్రి తేదీ మారుతుంది. మనకి తెల్లవారితేనే రోజు మారినట్టు. ‘హాఫ్ పాస్ట్ ట్వెల్వ్’ రాత్రిదైతే రాత్రి పన్నెండున్నర అంటాం, బాగానే ఉంది. ఏ రోజు రాత్రి? శనివారం సాయంత్రం మొదలైన రాత్రి ఇంకా నడుస్తోంది కాబట్టి అది మనకి శనివారం రాత్రి పన్నెండున్నర. రైలు టికెట్టు మీద అది ఆదివారం, 00:30. టికెట్టు మీద ఆదివారం అని చూసి, రాత్రి పన్నెండున్నర కదా అని ఆదివారం భోజనం చేసి తీరిగ్గా స్టేషన్‌కి వెళ్లినవాళ్లని నేను ఎరుగుదును. వాళ్ల రైలు అంతకుముందు రాత్రే వెళ్లిపోయింది.

మన పంచాంగకర్తలు, శుభలేఖలు రాసేవాళ్లు దీనికి ఎప్పుడో దారి కనిపెట్టారు. ఒక శుభలేఖ ఉదాహరణగా తీసుకుందాం. ముహూర్తం తెలుగు వైపు ‘శుక్రవారం రాత్రి గం. 2-15 ని.లకు (తెల్లవారితే శనివారం)’ అని ఉంటుంది. ఆ ‘తెల్లవారితే శనివారం’ అన్న రెండు మాటలు మొత్తం తగువు తీర్చేశాయి. రాత్రి శుక్రవారానిది, తేదీ శనివారానిది, రెండూ నిజమే. ఇప్పుడు దీన్ని ఇంగ్లీషు వైపు వేయాలి. శనివారం, 2.15 ఏఎం అంటే సరిపోతుంది. చిక్కంతా తిరుగు ప్రయాణంలో ఉంది. విదేశంలో పుట్టి పెరిగిన పెళ్లికూతురి తమ్ముడు ఇంగ్లీషు కార్డు చూసి బంధువులకి ఫోన్లో “శనివారం రాత్రి రెండుంపావుకి” అని చెప్పాడనుకోండి. వినేవాళ్లు శనివారం రాత్రి భోంచేసి బయల్దేరతారు. అప్పటికి పెళ్లయి దాదాపు ఒక రోజు గడిచిపోయి ఉంటుంది. ఏఎం చూడగానే రాత్రి అని రాసే ముందు ఒకసారి వేళ్ల మీద లెక్క చూసుకోవాలి. పన్నెండు నుంచి రెండు, మూడు దాకా అయితే ముందు రోజు రాత్రి. నాలుగైతే తెల్లవారుజామున, అప్పటికి తెల్లవారితే వచ్చే రోజు పేరే చెప్పినా ఎవరూ పొరబడరు. మూడింటి దగ్గర రాత్రి అనాలో తెల్లవారుజాము అనాలో మనలో మనకే ఒక మాట లేదు. అక్కడ ‘తెల్లవారితే’ అని రాయడమే మేలు.

అమెరికాలో ఉన్న మా చెల్లెలు ఫోన్ చేసినప్పుడల్లా ఇంకో రకం మాటలు తెస్తుంది. అక్కడివాళ్లు కొందరు ఐదుంపావుని ‘క్వార్టర్ ఆఫ్టర్ ఫైవ్’ అంటారట, పావు తక్కువ ఐదుని ‘క్వార్టర్ ఆఫ్ ఫైవ్’ అంటారట. మొదటిసారి విన్నప్పుడు ‘ఐదులో పావు’ అనుకుని గంటుంపావేమో అని తికమకపడిందట. లండన్‌లో ఉన్న వాళ్లబ్బాయికి ‘హాఫ్ ఫైవ్’తో అనుభవం అయింది. మధ్యలో పాస్ట్ లేకుండా అంటే అది ఐదున్నరే. మనకి పావు తక్కువ ఐదు ఉంది కాబట్టి, అర తక్కువ ఐదేమోననుకుని నాలుగున్నరకే వెళ్లి గంటసేపు చలిలో నిలబడ్డాడు. జర్మనీలో ఉండి ఉంటే అతని లెక్క నిజమయ్యేది. జర్మన్ భాషలో ఇలాగే ‘సగం ఐదు’ అంటే నాలుగున్నర. ఐదో గంటలో సగం అయిందని వాళ్ల భావం. మనం ‘అర తక్కువ ఐదు’ అనం. అర ఎప్పుడూ కలిసేదే, పావు కలుస్తుంది, తగ్గుతుంది కూడా. మా చెల్లెలుండేది న్యూయార్క్ వైపు. వేసవిలో మనకీ వాళ్లకీ తొమ్మిదిన్నర గంటలు తేడా, చలికాలంలో పదిన్నర. ఆ అర వల్ల వాళ్ల ఎనిమిదిన్నర మనకి నిండు ఆరు అవుతుంది, వాళ్ల నిండు తొమ్మిది మనకి ఆరున్నర. “పొద్దున ఎనిమిదిన్నరకి చేస్తానే” అని అది అంటే, సాయంత్రం ఆరు అని నేను క్యాలెండర్ మీద రాసిపెట్టుకుంటాను.

పాప హోంవర్క్ అయ్యేసరికి నాలుగు గీతల మీదా నాలుగు మాటలు పడ్డాయి. నాలుగున్నర. నాలుగుంపావు, పక్కన బ్రాకెట్లో నాలుగుంబావు, అది రాస్తానని పాపే పట్టుబట్టింది. మూడోది ‘టెన్ పాస్ట్ టు’, దానికి రెండూ పది. నాలుగోది పావు తక్కువ ఐదు. అన్నిటికీ పక్కన ముళ్లు కూడా గీసి, చిన్నముల్లు ఎక్కడుండాలో రెండుసార్లు చూసుకుంది.

వంటింట్లోంచి మా మరదలు కేకేసింది. “టైమెంతయిందే? ట్యూషన్ లేదా ఇవాళ?”

ఫోన్ నా చేతిలోనే ఉంది. పాప దాన్ని చూడలేదు, మెడ తిప్పి గోడ వైపు చూసింది. పెద్దముల్లు ఇంకా తొమ్మిదికి కాస్త ఇవతలే ఉంది.

“పావు తక్కువ ఏడు కావస్తోందమ్మా!” అని అరిచి, చెప్పుల కోసం పరిగెత్తింది.